అన్నగారి బీరువాలో దస్తావేజు, అధికారి తెర మీద ఫోటో

బ్రిటన్ సందర్శకుల వీసా కోసం హైదరాబాద్‌లో వేలిముద్రలు ఇచ్చి వచ్చిన మనిషిని, ఆ వీసా ఇవ్వాలో వద్దో తేల్చే అధికారి సాధారణంగా కంటితో చూడడు. ఇంటర్వ్యూ ఉండటం అరుదు. ఆయన ముందు ఉండేవి ఒక దరఖాస్తు, దానికి జతచేసిన ఫైళ్లు. బ్యాంకు స్టేట్‌మెంటు, కూతురు రాసిన ఆహ్వానం, ఆమె జీతం చీటీలు చూస్తూ వస్తాడు. ఆ వరుసలో ఒక ఫైలు తెరిస్తే పసుపు పచ్చగా మారిన స్టాంపు కాగితం, దాని మీద చేతిరాత, ఒక మూల ఎవరిదో బొటనవేలు కనిపిస్తాయి. ఆ పక్క ఫైలులో టైపు చేసిన ఇంగ్లీషు పేజీలు రెండు ఉంటాయి. ఈ రెండింటికీ సంబంధం ఏమిటో, ఆ ఇంగ్లీషు ఎవరు రాశారో, ఎంతవరకు నమ్మాలో ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

ఆ చెప్పే పని ఒక అరపేజీ చీటీది. వీసా సలహాదారులు దీన్ని కవరింగ్ నోట్ అంటారు. అందులో ఉండాల్సిన విషయం చిన్నదే: ఇది ఫోన్‌తో తీసిన ఫోటో, దీని అనువాదం అనధికారికం. ఇంత చిన్న విషయం రాయడంలోనే చాలామంది తడబడతారు. తమ కాగితానికి లేని గౌరవాన్ని అంటగట్టే వాళ్లు కొందరైతే, బతిమాలుకుంటూ పేజీలు నింపేవాళ్లు ఇంకొందరు.

ఒక ఇంటి సంగతి తీసుకుని చూద్దాం. వివరాలు ఊహించినవే కానీ జగిత్యాల, కరీంనగర్ ప్రాంతాల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో ఉంటాయి. కూతురు ఇంగ్లండ్‌లో నర్సు. నెలలు నిండుతున్నాయి. అమ్మానాన్నలు వెళ్లి కొన్నాళ్లు తోడుండాలి. ప్రయాణం ఖర్చు, అక్కడ తిండి, వసతి కూతురివే. బ్రిటన్ నియమాలు దానికి ఒప్పుకుంటాయి. అయితే గడువు తీరాక వీళ్లు తిరిగి వస్తారని అధికారికి నమ్మకం కలగాలి. ఊళ్లో పొలం ఉందని చూపించడం అందుకే.

పొలం కాగితం దగ్గర చిక్కు వచ్చింది. 1994లో అన్నదమ్ములిద్దరూ కలిసి కొన్న భూమి అది. క్రయ దస్తావేజు ఒకటే, పేర్లు రెండు. అసలు పత్రం పెద్దాయన బీరువాలో ఉంది. చిన్నాయన హైదరాబాద్‌లో కొడుకు ఇంట్లో ఉండి దరఖాస్తు నింపుకుంటున్నాడు. అన్న కొడుకు బీరువా తీసి, మంచం మీద పరిచి, ఫోటోలు కొట్టి వాట్సాప్‌లో పంపాడు. దస్తావేజు మొత్తం తెలుగులో ఉంది, దస్తావేజు లేఖరి చేతిరాతలో.

బ్రిటన్ నియమం ఇక్కడ స్పష్టంగా ఉంది. పత్రం ఇంగ్లీషులోగానీ వెల్ష్‌లోగానీ లేకపోతే, దానితోపాటు పూర్తి అనువాదం ఉండాలి. ఆ అనువాదాన్ని హోం ఆఫీసు కావాలంటే సొంతంగా సరిచూసుకోగలగాలి. అందుకోసం ప్రతి అనువాదంలో నాలుగు సంగతులు అడుగుతారు: ఇది అసలుకు సరైన అనువాదమని అనువాదకుడి మాట, అనువాదం చేసిన తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, అతన్ని సంప్రదించే వివరాలు. సందర్శకుల విషయంలో ఆ అనువాదకుడికి ఫలానా లైసెన్సు ఉండాలని ఈ జాబితాలో లేదు. కొన్ని ఇతర రకాల దరఖాస్తులకు మాత్రం అనువాదకుడి అర్హతలు కూడా చూపాలి.

అనధికారికం అంటే అనామకం అని చాలామంది అనుకుంటారు, ఇక్కడే పొరపడతారు. ఊళ్లో రిటైరైన ఇంగ్లీషు మాస్టారు ఆ దస్తావేజును అనువదించి, కింద పేరు, ఫోన్ నంబరు రాసి, సంతకం పెట్టి, తేదీ వేస్తే అది వృత్తి అనువాదకుడి పని కాకపోయినా నియమం అడిగిన నాలుగూ అందులో ఉన్నట్టే. అనువాద సంస్థ లెటర్‌హెడ్ మీద అందంగా ముద్రించినా, చేసినవారి పేరు, సంతకం లేకపోతే నియమానికి తక్కువే. కాబట్టి చీటీలో అనధికారికం అని రాయడం వల్ల కాగితం చెల్లకుండా పోదు. ఆ పని ఎవరు చేశారో, ఏ హోదాలో చేశారో అధికారికి తెలుస్తుంది, అంతే. ఎంత బరువు ఇవ్వాలో ఆయన చూసుకుంటాడు.

జర్మనీ, ఫ్రాన్సు వంటి దేశాల్లో కోర్టు ముందు ప్రమాణం చేసిన అనువాదకుల వ్యవస్థ ఉంది. వాళ్ల ముద్ర పడితే అనువాదానికి అధికారిక హోదా వస్తుంది. మన దేశంలో సామాన్యుడు గడప తొక్కగలిగే అలాంటి వ్యవస్థ లేదు. ఉన్నది నోటరీ. 1952 నాటి నోటరీల చట్టం పత్రాలను అనువదించే, అనువాదాన్ని సరిచూసే అధికారాన్ని నోటరీలకు ఇచ్చింది. ఆచరణలో జరిగేది ఎక్కువగా వేరు. కోర్టు ఎదురుగా టైపింగ్ సెంటర్‌లో ఎవరో అనువదిస్తారు, పక్క బల్ల దగ్గర నోటరీ ఎర్ర ముద్ర వేస్తాడు. ఆ ముద్ర సంతకానికి సాక్ష్యమా, అనువాదానికి హామీనా అన్నది కాగితం చూసి చెప్పడం కష్టం. బ్రిటన్ ప్రభుత్వం సందర్శకులకు ఇచ్చిన సూచనల్లో పంపనక్కర్లేని వాటి జాబితా ఒకటి ఉంది. హోటల్ బుకింగులు, డ్రైవింగ్ లైసెన్సులతోపాటు నోటరీ పత్రాలు కూడా ఆ జాబితాలోనే ఉన్నాయి. వంద రూపాయల ముద్ర కోసం పరుగెత్తే ముందు ఆ జాబితా ఒకసారి చదవడం మేలు.

టైపింగ్ సెంటర్‌తో ఇంకో ప్రమాదం ఉంది. వాళ్ల కంప్యూటర్‌లో ఒక నమూనా ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అనువాదం పైన ‘సర్టిఫైడ్ ట్రాన్స్‌లేషన్’ అని పెద్ద అక్షరాల్లో వచ్చేస్తుంది. ఎవరు సర్టిఫై చేశారంటే జవాబు ఉండదు. దరఖాస్తుదారుకు అది అలంకారంగానే అనిపించవచ్చు. చదివే అధికారికి మాత్రం అది ఒక వాదన, అదీ నిలబడని వాదన. బ్రిటన్ నియమాల్లో తప్పుడు పత్రాలకు, తప్పుడు మాటలకు శిక్ష గట్టిది. మోసం చేసినట్టు తేలితే దరఖాస్తు తిరస్కరించడమే కాదు, 10 ఏళ్లపాటు వీసా రాకుండా పోవచ్చు. ఒక శీర్షిక వల్లే అంత దూరం వెళ్తుందని కాదు. కానీ అనుమానం ఒకసారి మొదలైతే మిగతా కాగితాలన్నింటినీ అదే కంటితో చూస్తారు. పైగా సందర్శకుల వీసా తిరస్కరిస్తే మామూలుగా అప్పీలు లేదు. మళ్లీ డబ్బు కట్టి మొదటినుంచి దరఖాస్తు చేసుకోవాలి.

ఇక ఫోటో సంగతి. అన్ని కాగితాలూ స్కాన్ చేసి ఎక్కించేవే కదా, అప్పుడు అన్నీ బొమ్మలే కదా, ఇది ఫోటో అని విడిగా చెప్పడమెందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. దరఖాస్తుదారు చేతిలో అసలు ఉండి దాన్ని స్కాన్ చేయడం ఒకటి, అసలును చూడకుండా ఎవరో పంపిన ఫోటో మీద ఆధారపడటం ఇంకొకటి. అనువాదకుడు కూడా ఆ ఫోటోనే చూసి అనువదించాడు. వెనుక పేజీలో సబ్‌రిజిస్ట్రార్ ముద్ర నీడలో పడితే ఆయనకు కనిపించదు. మడత దగ్గర ఒక వరుస పోతే పోయినట్టే. అందుకే ఆయన ఇవ్వగల మాట ‘అసలుకు సరైన అనువాదం’ అన్నంత దూరం వెళ్లకూడదు. ‘నాకు చూపిన ఫోటోలో చదవగలిగినంతకు సరైన, పూర్తి అనువాదం’ అన్నది నిజం. నియమం కోరేది అసలు పత్రానికి అనువాదమని. ఈ చిన్న తేడాను దాచకుండా చెప్పడానికే చీటీ.

వాట్సాప్ మామూలుగా ఫోటోను కుదించి పంపుతుంది. చేతిరాత దస్తావేజులో సున్నాకూ ఆరుకూ తేడా ఆ కుదింపులోనే కరిగిపోతుంది. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వస్తుంది. కాగితాన్ని కిటికీ దగ్గర, బల్ల మీద, ఫ్లాష్ లేకుండా, నాలుగు అంచులూ కనిపించేలా తీయాలి. ఖాళీగా ఉన్నా సరే, వెనుక వైపు కూడా తీయాలి. రిజిస్టరైన దస్తావేజులో సబ్‌రిజిస్ట్రార్ సంతకాలు, ముద్రలు తరచూ వెనుకే ఉంటాయి మరి. కొన్నిసార్లు ఈ ఒక్క పనితో చీటీలో రెండు వాక్యాలు తగ్గిపోతాయి.

మన ఊహా కుటుంబం అదృష్టం కొద్దీ మాస్టారు జాగ్రత్తపరుడు. చదవలేని ముద్ర దగ్గర ఆయన ఊహించి రాయలేదు. ‘గుండ్రటి ముద్ర, అక్షరాలు చదవడానికి రావడం లేదు’ అని కుండలీకరణాల్లో రాశాడు. అన్న కొడుకు ఫోన్ చేసి, “అది సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ముద్రే సార్, రాసేయండి, ఎవరు చూస్తారు?” అన్నాడట. “నాకు కనబడలేదు నాయనా, నీకు కనబడితే నువ్వు ఇంకో ఫోటో తియ్యి” అన్నాడు మాస్టారు. వచ్చిన రెండో ఫోటోలో ముద్ర సగం కనిపించింది. ఆ సగమే అనువాదంలోకి వెళ్లింది.

ఈ దస్తావేజులో అధికారిని నిజంగా తికమక పెట్టేవి ముద్రలు కావు. పత్రంలో ఊరి పేరు కింద ‘జిల్లా కరీంనగర్, ఆంధ్రప్రదేశ్’ అని ఉంది. పాస్‌పోర్టు చిరునామాలో అదే ఊరు ‘జగిత్యాల జిల్లా, తెలంగాణ’లో ఉంది. మనకు ఇందులో వింతేమీ లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయింది, 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి. ఊరు కదలకుండానే జిల్లా, రాష్ట్రం రెండూ మారాయి. ఆ చరిత్ర తెలియని అధికారికి మాత్రం ఇవి రెండు వేర్వేరు చోట్ల కాగితాలు. మంచి ఉద్దేశంతోనే కొందరు అనువాదకులు ఇక్కడ చేయి పెట్టి, దస్తావేజులోని కరీంనగర్‌ను జగిత్యాలగా దిద్దేస్తారు. అలా దిద్దినప్పుడు 1994 నాటి పత్రంలో 2016 నాటి జిల్లా కనిపిస్తుంది. తెలిసినవాడికి ఎవరికైనా అది దొంగ పత్రంలాగే ఉంటుంది. అనువాదంలో పాత పేరే ఉండాలి. మార్పు ఎప్పుడు, ఎలా జరిగిందో చీటీలో ఒక్క వాక్యం చాలు.

పేర్లదీ ఇదే దారి. దస్తావేజులో ‘గంగన్న’, పాస్‌పోర్టులో ‘గంగారాం’. ఇద్దరూ ఒకరేనని ఊరంతటికీ తెలుసు. అనువాదకుడు గంగన్న అనే రాయాలి. ఒకరేనన్న మాట చెప్పాల్సింది దరఖాస్తుదారు, తన సంతకంతో. తండ్రి పేరు, ఇంటి పేరు రెండు పత్రాల్లో ఒకటే అయితే దాన్ని చూపించడం వల్ల ఆ మాటకు బలం వస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఇంటి పేరును పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే రాయడం తప్పు కాదు. తెలుగులో అక్షరం ఒకటే, ఇంగ్లీషులో రాసే తీరే పది రకాలు. పత్రంలో పేరే వేరైతే మాత్రం ముట్టుకోకూడదు.

విస్తీర్ణం దగ్గర ఇంకాస్త జాగ్రత్త కావాలి. పత్రంలో ‘2-20’ అని ఉంది. తెలంగాణలో దానర్థం 2 ఎకరాల 20 గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి అది రెండున్నర ఎకరాలు. గోదావరి జిల్లాల దస్తావేజులో ‘2.20’ అని ఉంటే అది 2 ఎకరాల 20 సెంట్లు, ఎకరానికి 100 సెంట్లు. ఇంగ్లండ్‌లో ఎకరం తెలిసిన మాటే, గుంట తెలియదు. అనువాదంలో 2.20 అని వేస్తే అధికారి దాన్ని దశాంశంగా చదువుకుంటాడు, పావు ఎకరం కంటే ఎక్కువ భూమి మాయమవుతుంది. అలాగని 2.5 అని మార్చి రాస్తే పత్రంలో లేని అంకె అనువాదంలోకి వస్తుంది. మాస్టారు ‘2 ఎకరాలు 20 గుంటలు’ అని రాసి, అడుగున అనువాదకుడి గమనికగా 40 గుంటలు ఒక ఎకరమని చేర్చాడు. ఇక ఈ భూమి ఇద్దరిదీ. దరఖాస్తుదారు వాటా సగమనుకుంటే 1 ఎకరం 10 గుంటలు. దస్తావేజు వాటాలు చెప్పకపోతే ఆ మాట కూడా అనువాదంలోకి రాకూడదు. దరఖాస్తుదారు తన ఉత్తరంలో చెప్పుకోవాలి.

ఇవన్నీ అయ్యాక చీటీ ఇంగ్లీషులో ఇలా తయారైంది. దాని సారం తెలుగులో ఇది:

“వీసా అధికారి గారికి. నా దరఖాస్తుతో జతచేసిన భూమి పత్రం 1994లో రిజిస్టరైన తెలుగు క్రయ దస్తావేజుకు ఫోన్‌తో తీసిన ఫోటో. దస్తావేజు నా పేరున, మా అన్న పేరున ఉమ్మడిగా ఉంది. అసలు పత్రం ఆయన దగ్గర ఊళ్లో ఉంది. దానితో ఉన్న ఇంగ్లీషు అనువాదం అనధికారికం. వృత్తి అనువాదకులుగానీ, ప్రభుత్వ కార్యాలయంగానీ దాన్ని చేయలేదు, ధ్రువీకరించలేదు. రెండు భాషలూ తెలిసిన, మాకు బంధువు కాని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఫోటో చూసి అనువదించారు. ఆయన సంతకం, తేదీ, చిరునామా, ఫోన్ నంబరు అనువాదం చివర ఉన్నాయి. ఫోటోలో చదవలేని చోట్లను అలాగే గుర్తించారు. పత్రంలోని కరీంనగర్ జిల్లా గ్రామం 2016 జిల్లాల విభజన తర్వాత జగిత్యాల జిల్లాలో ఉంది. పత్రంలోని గంగన్న నేనే. రిజిస్ట్రేషన్ కార్యాలయం ఇచ్చే ధ్రువీకృత నకలుకు దరఖాస్తు చేశాను, కోరితే పంపగలను.”

ఇందులో బతిమాలడం లేదు, క్షమాపణ లేదు. ‘నా యావదాస్తి’ అన్న పెద్ద మాటలూ లేవు. కూతురి కానుపు సంగతి, తిరిగి వచ్చే తేదీ వేరే ఉత్తరంలో ఉంటాయి, ఇక్కడికి రానక్కర్లేదు. చీటీ, ఫోటోలు, అనువాదం ఈ మూడింటినీ ఒకే ఫైలుగా, ఇదే వరుసలో కలిపితే మేలు. విడివిడి ఫైళ్లుగా ఎక్కిస్తే అధికారి అనువాదం ముందు తెరిచి, చీటీ చివర చూడొచ్చు. ఫోటోల మీద 1, 2, 3 అని అంకెలు వేసి, అనువాదంలో ఏ భాగం ఏ ఫోటోదో అవే అంకెలతో చూపితే తెలుగు రాని మనిషికి కూడా సరిపోల్చుకోవడం తేలిక. సర్వే నంబరు, తేదీ, సంతకాలు ఎక్కడున్నాయో వెతకగలుగుతాడు.

ఆ చివరి వాక్యం, ధ్రువీకృత నకలు గురించినది, నిజమైతేనే రాయాలి. రిజిస్టరైన దస్తావేజుకు నకలు సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దొరుకుతుంది. దస్తావేజు నంబరు, సంవత్సరం తెలిస్తే పని తేలిక, ఆ రెండూ ఫోటోలోనే ఉంటాయి. సమయం ఉంటే అసలు చేయాల్సింది ఇదే. నకలు చేతికి వస్తే ఫోటో అవసరం తీరిపోతుంది, అనువాదం కూడా దాన్ని చూసి మళ్లీ చేయించవచ్చు, చీటీ రెండు వాక్యాలకు తగ్గుతుంది. నిజానికి చాలా ఇళ్లలో ఆ దరఖాస్తు పెట్టరు. ‘కోరితే పంపగలను’ అని మాత్రం రాస్తారు. అధికారి అడిగే అవకాశం ఉంది, అడిగి తీరాలన్న నియమం లేదు. అడగకుండానే ఉన్నదాన్ని బట్టి తేల్చేయవచ్చు. అందుకని దరఖాస్తుకు ఆయువుపట్టు అనదగ్గ పత్రాన్ని ఇలాంటి చీటీ మీద వదిలేయడం తెలివైన పని కాదు. మన ఉదాహరణలో పొలం పక్క సాక్ష్యమే. కూతురి జీతం, ఇంటి వసతి, తల్లిదండ్రుల పాత ప్రయాణాలు ఇంగ్లీషు పత్రాల్లోనే ఉన్నాయి. దస్తావేజును అధికారి పక్కన పెట్టినా దరఖాస్తు కూలిపోదు. అదే బంధుత్వానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం తెలుగులోని ఫోటో అయ్యుంటే సలహా వేరేగా ఉండేది: ఆగండి, నకలు తెప్పించండి, పనిగా అనువదించే వారి చేత చేయించండి.

అనువాదం కూతురే చేసి ఉంటే? ఆమెకు ఇంగ్లీషు మాస్టారి కంటే బాగా వచ్చు. బ్రిటన్ సందర్శకుల నియమం బంధువులు చేయకూడదని ఎక్కడా అనదు. కానీ ఆహ్వానించేదీ ఆమే, ఖర్చు పెట్టుకునేదీ ఆమే, పత్రంలో ఏముందో చెప్పేదీ ఆమే అయితే ఆ మాటకు బరువెక్కడిది? తప్పనిసరై అలా చేస్తే చీటీలో బంధుత్వం చెప్పాలి.

ఇదే కుటుంబంలో కొడుకు కెనడాలో ఉండి, అమ్మానాన్నలు అక్కడికి బయలుదేరితే ఈ చీటీని మార్చి వాడుకోవడం కుదరదు. కెనడా నియమం అనువాదానికి రెండు దారులే చూపిస్తుంది. గుర్తింపు పొందిన అనువాదకుడు చేయాలి, లేదా చేసిన మనిషి ప్రమాణపత్రం ఇవ్వాలి. ఆ ప్రమాణం చేయించే అధికారం ఉన్నవారి ముందు, మన దగ్గరైతే నోటరీ ముందు, అనువాదం సరైనదని ఆయన ప్రమాణం చేయాలి. దరఖాస్తుదారుగానీ, తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు, పెదనాన్న, బాబాయి, మేనత్త, మేనమామ, వాళ్ల పిల్లల వరకు ఏ బంధువుగానీ అనువదించకూడదు. ముద్రల్లోని అక్షరాలకు కూడా అనువాదం కావాలి. బ్రిటన్ సందర్శకుడికి పంపనక్కర్లేదన్న నోటరీ కాగితం అక్కడ తప్పనిసరి అవుతుంది. మాస్టారు చేయవచ్చు, ఆయన బంధువు కాదు. కానీ ఆయన ఆటో ఎక్కి నోటరీ దగ్గరికి వెళ్లాలి, పెద్దాయన బీరువాలోని దస్తావేజు కూడా నకలు కోసం బయటికి రావాలి.